తెల్లవారుజామున కుక్క వణుకుతోంటే ముందు తడి సంగతి చూడండి

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర, కాలువ గట్టు పక్కనే ఇల్లు. మా టైగర్ పొట్టి బొచ్చు నాటు కుక్క. తొమ్మిదేళ్లు దాటాయి, మనిషి సన్నం అంటారే అలా ఉంటాడు. వరండాలో గచ్చు మీద గోనెసంచి పరిస్తే పడుకుంటాడు. ధనుర్మాసం మొదలైన దగ్గర నుంచి తెల్లవారుజామున నాలుగింటికి వణుకుతున్నాడు, లేవడానికి కాసేపు అవస్థ పడుతున్నాడు. ఉన్ని స్వెట్టరు కొని వేశాం, పొద్దున చూస్తే తడిగా ఉంటోంది. వేళ్ల మధ్య అదేపనిగా నాకుతున్నాడు, కొబ్బరినూనె రాస్తున్నాం. ఇంకా మందమైన కోటు కొనమంటారా?

సమాధానం:

కోటు తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది తడిసిన స్వెట్టరు. పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేసి విరమించినవాడిని. సంక్రాంతికి ముందు నెలలో ఇలాంటి కుక్కలను మా దగ్గరికి చాలామంది తెచ్చేవారు. మన కోనసీమలో ఎంత చలి అనుకున్నా రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఒళ్లు పొడిగా ఉన్న ఆరోగ్యమైన పెద్ద కుక్కకు అది పెద్ద చలి కాదు. కానీ ఇక్కడ ఒక పక్క కాలువ, ఇంకో పక్క దాళ్వాకు నీరు పెట్టిన చేను, మధ్యలో కొబ్బరితోట. పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా గాలిలో ఉన్న తేమ ఆరుబయట దేని మీద పడితే దాని మీద దిగుతుంది. బొచ్చు తడిస్తే వెంట్రుకల మధ్య నిలిచే వెచ్చని గాలి పోతుంది. ఆ తడి ఆరడానికి కావలసిన వేడి కూడా కుక్క ఒంట్లోంచే పోతుంది. ఇక కింద గచ్చు ఉండనే ఉంది. అది పడుకున్నంతసేపూ పొట్ట వైపు నుంచి వేడిని లాగుతూనే ఉంటుంది. పలచని కుక్కకు, ముసలి కుక్కకు, నెలల పిల్లకు ఈ రెండూ కలిస్తే పద్దెనిమిది డిగ్రీల్లో కూడా వణుకు వస్తుంది.

అయితే అన్ని వణుకులూ చలివి కావు. అందుకని ఏదైనా కొనేముందు ఈ రాత్రే ఒక పని చేయండి. నాలుగింటికి లేచి టైగర్ వెన్ను మీద బొచ్చును వేళ్లతో పాయ తీసి, లోపలి చర్మాన్ని అరచేతి వెనక వైపుతో తాకండి. పైన వెంట్రుకల కొసలే చెమ్మగా ఉంటే అది మంచు మాత్రమే. చర్మం దాకా చల్లగా, తడిగా తగిలితే చలి పట్టినట్టే. తర్వాత పొడి నూలు గుడ్డతో తుడిచి, ఇంట్లోకి తీసుకెళ్లి, పొడి దుప్పటి మీద పడుకోబెట్టి, మీద ఇంకొకటి కప్పండి. ఇరవై నిమిషాల్లో వణుకు ఆగిపోతే అది చలి వల్ల వచ్చిందే. ఆగకపోతే థర్మామీటరు తీయండి. డిజిటల్ థర్మామీటరు కొసకు కాస్త వాజలైన్ రాసి, ఆసనంలో అంగుళం లోపలికి పెట్టి చూడాలి. కుక్కకు విడిగా ఒకటి ఉంచుకోండి, మనుషులది వాడకండి. కుక్కకు మామూలుగా ఉండేది 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు జ్వరం అనిపించే అంకె దానికి ఆరోగ్యం. 103.5 దాటితే అది జ్వరపు వణుకు. మన ప్రాంతంలో గోమార్లు ఏడాది పొడవునా ఉంటాయి కాబట్టి వాటి వల్ల వచ్చే జ్వరాన్నే ముందు అనుమానించాలి. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబి రంగు పోయి తెల్లగా పాలిపోయి ఉంటే తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 99 కన్నా తక్కువ ఉండి, వణుకు దానంతట అదే ఆగిపోయి, కుక్క మత్తుగా పడి ఉంటే మాత్రం తెల్లవారే దాకా కూడా ఆగకూడదు. వణుకు ఆగింది కదా అని సంతోషించేవాళ్లను చూశాను. ఒంట్లో వేడి పుట్టించే శక్తి అయిపోయినప్పుడూ అది ఆగుతుంది.

మీరు రాసినదాన్ని బట్టి టైగర్‌ది చలీ, తడీ, దానికి తోడు వయసుతో వచ్చిన కీళ్ల పట్టూ అని నా అంచనా. ఇక పడక గురించి చెబుతాను. మీకు ఎక్కువ లాభం వచ్చేది ఇక్కడే.

పడక చోటు మొదట మార్చండి. వరండా అంచు నుంచి లోపలి గోడ వారకు జరపండి. పైన కప్పు ఉన్న చోట మంచు నేరుగా దిగదు. మంచు పడేది ఆకాశం కనిపించే చోటే. అందుకే గుమ్మం ముందు మెట్టు తడిసి, గోడ వారన పొడిగా ఉంటుంది. కాలువ మీంచి వచ్చే చలిగాలికి అడ్డంగా, ముఖ్యంగా ఉత్తరం వైపు, ఒక తాటాకు తడికో, కొబ్బరాకు తడికో కట్టండి. తడిక నేల దాకా ఉండాలి. కుక్క పడుకునేది నేలకు జానెడు ఎత్తులో కాబట్టి, మన నడుము దగ్గర గాలి ఆగిందా లేదా అన్నది దానికి లెక్క కాదు. అరిచేతిని నేలకు ఆనించి చూస్తే తెలుస్తుంది.

గచ్చుకు, కుక్కకు మధ్య ఖాళీ కావాలి. నాలుగు ఇటుకల మీద పాత తలుపు చెక్కో, మామిడి బల్లో వేస్తే నాలుగంగుళాల ఎత్తు వస్తుంది. అది చాలు. కీళ్లు పట్టిన కుక్క అంతకన్నా ఎత్తుకు ఎక్కడానికి ఇష్టపడదు, ఎక్కినా దిగేటప్పుడు జారుతుంది. నవారు మంచం ఉంది కదా అంటారు చాలామంది. వేసవిలో అది మంచి పడక. అడుగు నుంచి గాలి ఆడుతుంది కాబట్టి ఒళ్లు చల్లగా ఉంటుంది. ఈ నెలలో మాత్రం అదే గుణం దోషమవుతుంది. మంచం మీదే అలవాటైన కుక్క అయితే మంచం అడుగున గోనెసంచులు దట్టంగా కట్టి గాలి ఆపాలి.

బల్ల మీద పరచడానికి మన దగ్గర ఎండు వరిగడ్డికి మించింది లేదు. సార్వా కోతలు అయిపోయాయి కాబట్టి ఊళ్లో కావలసినంత దొరుకుతుంది. గడ్డిపరక లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. ఆ బోలులో గాలి నిలుస్తుంది, నీరు మాత్రం గుడ్డలో నిలిచినట్టు నిలవదు. అయితే ఏ గడ్డి పడితే అది పనికిరాదు. గడ్డిమేటు అడుగున ఉన్నది తీయకండి, అది చెమ్మ పీల్చి ఉంటుంది. ఒక పిడికెడు తీసుకుని మెలితిప్పి చూడండి. పెళపెళమని విరిగితే పొడిగా ఉన్నట్టు. మెత్తగా వంగి మళ్లీ నిలబడితే ఇంకా ఆరాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన వస్తే అవతల పారేయండి. ఆ బూజు ధూళి పీల్చి దగ్గే కుక్కలను చూశాను. మిషన్ కోసిన గడ్డి ముక్కలు ముక్కలై ఉంటుంది కాబట్టి తొందరగా అణిగిపోతుంది. చేత్తో కోసి నూర్చిన పొడుగు గడ్డి దొరికితే అదే తెచ్చుకోండి. వెన్నులు, తాలు ఉంటే ఏరేయండి. వాటి ముళ్లు వేళ్ల మధ్య, చెవుల్లో గుచ్చుకుంటాయి. ఊక మాత్రం వద్దు. కళ్లలో, ముక్కులో పడుతుంది.

ఆ గడ్డిని రెండు గోనెసంచులు కలిపి కుట్టిన సంచిలో వదులుగా నింపండి. నింపినప్పుడు జానెడు ఎత్తు ఉంటే, కుక్క పడుకున్నాక మూడు నాలుగు అంగుళాలకు దిగుతుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే పిడికిలి బిగించి పడక మధ్యలో మీ బరువు వేసి నొక్కండి. బల్ల గట్టిగా తగిలితే గడ్డి చాలలేదు. టైగర్ లాంటి సన్నని కుక్కలకు మోచేతుల దగ్గర, తుంటి దగ్గర బొచ్చు రాలి చర్మం బిరుసెక్కుతుంది. పడక పలచనైందని చెప్పే గుర్తు అదే. సంచి మీద ఒక పాత నూలు దుప్పటి పరిచి, దాన్ని వారానికొకసారి ఉతకండి. సంచిని రోజూ పదింటికి ఎండలో తిరగేసి, సాయంత్రం మంచు దిగకముందే, అంటే దీపాలు పెట్టే వేళకు ముందే లోపల పెట్టేయండి. ఎండబెట్టి సాయంత్రం తీయడం మరిచిపోతే ఎండబెట్టిన ఫలితం పోతుంది. గడ్డిని పది పదిహేను రోజులకు మార్చండి, పాతది పెంటపోగులో వేసి సంచిని దులపండి. గోమార్లు కుట్టుల్లో దాక్కుంటాయి. చిన్న గింజల్లా కనిపిస్తే ఊరికే దులిపితే పోవు, సంచిని మరిగే నీళ్లలో ఉడకబెట్టాలి.

మీరు గచ్చు మీద నేరుగా గోనెసంచి వేస్తున్నారు. రాత్రంతా అడుగు నుంచి చెమ్మ పీల్చుకుని అది తెల్లవారేసరికి తడిసిన గుడ్డతో సమానమవుతుంది. స్వెట్టరు కూడా అలాగే తడుస్తోందని నా అనుమానం, పై నుంచి కొంత, అడుగు నుంచి కొంత.

ఇప్పుడు కోటు. పడక మార్చిన నాలుగైదు రోజులకు వణుకు తగ్గితే కోటు అవసరమే లేకపోవచ్చు. ఇంకా ఉంటే వేయండి. ఈ బజారు స్వెట్టర్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. ఉన్ని అని అమ్మేవాటిలో చాలావరకు ఉన్ని ఉండదు, చంకల దగ్గర ఒరుసుకుంటాయి, మగ కుక్కకు పొట్ట కింద దాకా వచ్చి మూత్రంతో తడుస్తాయి. దుకాణాల్లో దొరికే నున్నని బొచ్చు దుప్పటి, పాలిస్టరుది, ఇంటి పక్క దర్జీ చేత కుట్టించుకుంటే మేలు. అది నీరు పీల్చదు, తడిసినా తొందరగా ఆరుతుంది. అసలు ఉన్ని కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది కానీ మన తేమలో ఆరదు. నూలు అన్నిటికన్నా చెడ్డది.

కొలత ఇలా తీసుకోండి. కుక్క నిలబడి ఉండగా, మెడపట్టీ ఉండే చోటు నుంచి తోక మొదలు దాకా వెన్ను పొడవు ఒకటి. ముందు కాళ్ల వెనక, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్న చోట చుట్టుకొలత రెండోది. టైగర్‌కు వెన్ను 22 అంగుళాలు, ఛాతీ చుట్టుకొలత 24 అంగుళాలు వచ్చాయనుకుందాం. కోటు పొడవు 20 చాలు, తోకకు రెండంగుళాల ముందే ఆగాలి. వెన్ను మీదుగా రెండు పక్కలకూ దిగే గుడ్డ వెడల్పు 16 పెట్టండి. పొట్ట కింద నుంచి వచ్చే పట్టీ 12 అంగుళాలు. దానిలో మూడంగుళాలు వెల్క్రో అతుక్కునే చోటు. అలా మొత్తం చుట్టు 25 అవుతుంది, ఒక అంగుళం వదులు ఉంటుంది. తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు ఇబ్బంది లేకుండా దూరాలి. ఛాతీ ముందు ఇంకో చిన్న పట్టీ ఉండాలి. పొట్ట పట్టీ మూత్రం పోసే చోటుకు బాగా ముందుగా, పక్కటెముకల మీద ఉండాలి. గుండీలు, తాళ్లు, జిప్పులు వద్దు. రాత్రి ఒంటరిగా ఉన్న కుక్క గుండీని కొరికి మింగుతుంది, తాడులో కాలు ఇరికించుకుంటుంది.

తొడిగేముందు కుక్క పొడిగా ఉండాలి. తడి ఒంటి మీద కోటు వేస్తే తడిని మూత వేసి దాచినట్టే. రాత్రి పడుకునే ముందు వేసి, ఎండ వచ్చిన తర్వాత, ఎనిమిదింటికల్లా తీసేయండి. మన దగ్గర ఈ నెలలో కూడా మధ్యాహ్నం ఇరవై ఎనిమిది, ముప్పై డిగ్రీలు వస్తుంది. కోటుతో నాలుక బయటపెట్టి రొప్పే కుక్కను పదకొండింటికి చూడడం నాకు కొత్త కాదు. తీసిన ప్రతిసారీ చంకలు, ఛాతీ ఎర్రబడ్డాయేమో, గోమార్లు చేరాయేమో చేత్తో తడిమి చూడండి. రెండు కోట్లు ఉంటే ఒకటి ఆరుతుంది. ఒకటే ఉంటే తడిసిన రోజు వేయకండి.

ఇక్కడే ఇంకో మాట. ఇది చదివి మీ పక్కింటివాళ్లు తమ పొమెరేనియన్‌కో, జర్మన్ షెపర్డ్‌కో కోటు కుట్టించవచ్చు. వద్దని చెప్పండి. వాటికి అడుగు బొచ్చు, పై బొచ్చు అని రెండు వరసలు ఉంటాయి. ఏడాదిలో వాటికి హాయిగా ఉండేది ఈ రెండు నెలలే. గడ్డిపడక వదిలేసి చల్లని గచ్చు మీద కాళ్లు చాచి పడుకుంటే పడుకోనివ్వాలి. వాటికి చేయవలసింది వారానికి రెండు మూడుసార్లు దువ్వడం. బొచ్చు ఉండలు కడితే ఆ ఉండల్లో మంచు నిలిచిపోతుంది.

పాదాలకు వస్తాను. కొబ్బరినూనె ఈ పూటే ఆపేయండి. ఎండిపోయి బిరుసెక్కిన అరికాలికి కాస్త నూనె మంచిదే. కానీ మీరు రాస్తున్నది వేళ్ల మధ్య పలచని చర్మం మీద. అక్కడ ఉన్న చెమ్మను నూనె బయటికి పోనివ్వదు. పైగా కొబ్బరినూనె రుచి కుక్కలకు ఇష్టం. అది నాకడం మాన్పించడానికి రాస్తున్నది నాకడానికే పిలుస్తోంది.

టైగర్ పొద్దున్నే గట్టు మీద మంచు గడ్డిలో నడిచి, ఊడ్పులు అవుతున్న చేల బురదలో దిగి వస్తున్నాడనుకుంటాను. ఆ నీళ్లలో ఎరువులుంటాయి, పురుగుమందులుంటాయి, ఎలుకల మూత్రం ఉంటుంది. ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కలకూ, వాటి నుంచి మనకూ వస్తుంది. ఏటా వేయించే టీకాలో అది కలిసి ఉందో లేదో డాక్టరును అడగండి. ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లలో ఒక్కో కాలూ ముంచి కడిగి, పాత నూలు పంచె గుడ్డతో ఒక్కో వేలి సందూ విప్పి అద్దండి. రుద్దకండి. ఈ అద్దడానికి నాలుగు కాళ్లకూ కలిపి రెండు మూడు నిమిషాలు పడుతుంది, చాలామంది వదిలేసేది ఇదే. తర్వాత వెలుతురులో చూడండి. చర్మం ఎర్రగా ఉందా, వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయా, పుల్లని వాసన వస్తోందా? ఎరుపు మాత్రమే ఉంటే బెటాడిన్ ద్రావణాన్ని పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి, కాళ్లను మూడు నాలుగు నిమిషాలు అందులో ఉంచి, అద్ది ఆరబెట్టండి. రోజుకొకసారి, వారం చాలు. ఆరేదాకా నాకనివ్వకండి. తుప్పు రంగూ వాసనా ఉంటే అది బూజు జాతి క్రిముల పని, దానికి డాక్టరు రాసే మందే కావాలి. నాలుగు కాళ్లూ నాకుతుంటే తడి, లేదా ఒంటికి పడనిదేదో ఉన్నట్టు. ఒకే కాలు నాకుతుంటే తుమ్మముల్లో, కోసిన వరి దుబ్బు గుచ్చుకున్న గాయమో వెతకండి.

అరికాలు పగుళ్ల గురించి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పొడి చలి ఉన్న ఊళ్లలో పాదాలు పగలడం మామూలు. మన తేమలో అరికాలు గట్టిపడి పగిలితే చలి అని వదిలేయకండి. టీకాలు వేయని కుక్కకు డిస్టెంపర్ సోకినా అరికాళ్లు, ముక్కు అలా గట్టిపడతాయి.

వేడి కోసం కుంపటి పెట్టి తలుపులు వేయడం మాత్రం ఎవరూ చేయకండి. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, మనుషులూ పోతారు. మరీ చలిగా ఉన్న రాత్రి, చేయి పట్టగలిగినంత వేడి నీళ్లు సీసాలో పోసి, మందపాటి తువ్వాలు చుట్టి పడకలో ఒక పక్కన పెట్టండి. కుక్క కావాలంటే దగ్గరికి జరుగుతుంది, వద్దంటే దూరం పోతుంది. దూరం పోయే చోటు ఉండాలి. పొయ్యి బూడిదలో పడుకునే అలవాటు ఉంటే మాన్పించండి. బూడిద తడిస్తే క్షారమై వేళ్ల సందులను కాలుస్తుంది. భోగి నాడు మంట ఆరిపోయాక కూడా అడుగున నిప్పు ఉంటుంది, వెచ్చదనానికి ఆ కుప్ప మీదికి నడిచి అరికాళ్లు కాల్చుకునే కుక్కలు ఏటా ఉంటాయి. ఆ పూట టైగర్‌ను కట్టేసి ఉంచండి.

లేవడంలో అవస్థ గురించి. మెత్తని పొడి పడక మీద వారం పడుకుంటే కొంత తగ్గుతుంది. పొద్దున నడకను ఎండ వచ్చాక, ఏడున్నర తర్వాతకు మార్చండి. గట్టు మీదికి తీసుకెళ్లే ముందు ఇంటి ముందే అయిదు నిమిషాలు మెల్లగా తిప్పండి. మన ఇళ్లలో ఉండే నొప్పి మాత్రలు, పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఏదీ వేయకండి. మనకు పనిచేసే మోతాదే కుక్క కడుపును, మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జండూబామ్, విక్స్ కూడా పూయకండి, నాకితే విషమే. కుక్కకు సరిపడే మందు డాక్టరు బరువు చూసి రాస్తారు.

స్నానం ఈ నెలలో అవసరమైతేనే, ఎండ ఉన్న రోజు పదకొండింటికి చేయించి, మూడింటికల్లా చర్మం దాకా ఆరిందని చూసుకోండి. సన్నగా ఉన్నాడు కాబట్టి రాత్రి తిండి ఒక గుప్పెడు పెంచి, కాస్త ఆలస్యంగా పెట్టండి.

వారం పాటు తెల్లవారుజామున నాలుగింటికి థర్మామీటరు అంకె, చర్మం తడో పొడో, వణికాడో లేదో ఒక కాగితం మీద రాయండి. పడక పొడిగా ఉండి, చర్మం పొడిగా ఉండి, ఇంకా వణుకుతుంటే అది పడకతో తీరేది కాదు. ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి, గోమారు జ్వరానికి రక్తపరీక్ష చేయమని అడగండి.